పరిశోధన వ్యయంపై పన్ను రాయితీని తూచడం ఎలా: సూపర్ డిడక్షన్, పన్ను క్రెడిట్, వాటి ఫలితం

ఒక ప్రభుత్వం పరిశోధన, అభివృద్ధి ఖర్చుపై 200 శాతం తగ్గింపు ఇస్తున్నట్టు, మరొకటి 20 శాతం క్రెడిట్ ఇస్తున్నట్టు ప్రకటించినప్పుడు, రెండింటిలో ఏది ఎక్కువ ఉదారమో ఆ అంకెలను చూసి చెప్పడం సాధ్యం కాదు. రెండు అంకెలూ వేర్వేరు మొత్తాల మీద లెక్కించినవి. పైగా ఆ ప్రకటన ప్రభుత్వం ఎంత వదులుకుంటుందో మాత్రమే సూచిస్తుంది. దానివల్ల పరిశోధన ఎంత పెరుగుతుందన్నది వేరే ప్రశ్న. బడ్జెట్ పత్రాలను చదివే విలేఖరికైనా, శాసనసభా కమిటీకి నివేదిక రాసే అధికారికైనా, ఖాతాదారు కంపెనీకి సలహా ఇచ్చే అకౌంటెంట్‌కైనా ఈ రెండు ప్రశ్నలనూ వరుసగా తేల్చుకునే పద్ధతిని కింద వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: రెండింటినీ ఒకే కొలతలోకి మార్చండి

సూపర్ డిడక్షన్ అంటే కంపెనీ నిజంగా పెట్టిన ఖర్చు కంటే ఎక్కువ మొత్తాన్ని పన్ను విధించే ఆదాయం నుంచి తీసివేయనివ్వడం. దీన్నే భారత ఆదాయపు పన్ను పరిభాషలో వెయిటెడ్ డిడక్షన్ అంటారు. పన్ను క్రెడిట్‌లో తీసివేత ఆదాయం నుంచి కాక, కట్టవలసిన పన్ను నుంచే నేరుగా జరుగుతుంది. మామూలు ఖర్చుగా 100 శాతం తగ్గింపు ప్రతి వ్యాపార వ్యయానికీ దొరికేదే కాబట్టి, దాన్ని రాయితీ లెక్కలోకి తీసుకోకండి. అదనంగా ఇచ్చినదాన్ని పన్ను రేటుతో గుణిస్తే ప్రతి 100కు కంపెనీకి మిగిలేది ఎంతో తెలుస్తుంది.

ఒక కంపెనీ పరిశోధనకు 100 కోట్లు ఖర్చు పెట్టింది, పన్ను రేటు 25 శాతం అనుకోండి. 150 శాతం సూపర్ డిడక్షన్ ఇస్తే అదనపు తగ్గింపు 50 కోట్లు, దానివల్ల కంపెనీకి ఆదా అయ్యే పన్ను 12.5 కోట్లు. పన్ను పడని 12.5 శాతం క్రెడిట్ ఇచ్చినా కంపెనీకి చేరేది సరిగ్గా అంతే. పన్ను రేటును 20 శాతానికి తగ్గించిన మరుక్షణం ఈ సమానత్వం చెదిరిపోతుంది. క్రెడిట్ విలువ 12.5 కోట్ల దగ్గరే నిలుస్తుంది కానీ, చట్టంలో ఒక్క అక్షరం మారకుండానే సూపర్ డిడక్షన్ విలువ 10 కోట్లకు పడిపోతుంది.

భారతదేశ అనుభవం దీనికి మంచి ఉదాహరణ. 35(2AB) సెక్షన్ కింద కంపెనీ సొంత ప్రయోగశాలలో జరిపే పరిశోధనకు 2010-11 నుంచి 200 శాతం తగ్గింపు ఉండేది. 2017-18లో అది 150 శాతానికి, 2020-21 నుంచి మామూలు 100 శాతానికి దిగింది. అయితే 2019-20లోనే, రాయితీలన్నీ వదులుకునే కంపెనీలకు 22 శాతం రేటును ఎంచుకునే అవకాశం వచ్చింది. సర్‌చార్జి, సెస్సు పక్కన పెట్టి ఆ ఏడాదికి ఒక కంపెనీ లెక్క వేద్దాం. పాత 30 శాతం రేటులో ఉండిపోతే పరిశోధనపై ప్రతి 100కు అదనంగా 15 మిగులుతుంది. కొత్త రేటుకు మారితే లాభంలో ప్రతి 100కు 8 మిగులుతుంది. అంటే పరిశోధన ఖర్చు లాభంలో సుమారు 53 శాతాన్ని దాటితే తప్ప పాత దారిలో ఉండటం గిట్టుబాటు కాదు. మొత్తం కంపెనీల్లో అంత నిష్పత్తిలో పరిశోధన చేసేవి తక్కువే. కాబట్టి రాయితీ రేటు ఎంత అని అడిగే ముందు, దాన్ని వాడుకోవడానికి కంపెనీ ఏమి వదులుకోవలసి వస్తుందో చూడండి.

క్రెడిట్లలోనూ ఒక మెలిక ఉంది. బ్రిటన్‌లో ఆర్‌డీఈసీ అనే క్రెడిట్ రేటును 2023 ఏప్రిల్‌లో 13 నుంచి 20 శాతానికి పెంచారు, కానీ ఆ క్రెడిట్‌ను ఆదాయంగా చూపి దానిపై పన్ను కట్టాలి. 25 శాతం పన్ను పోగా ప్రతి 100కు చేతికి వచ్చేది 15. అదే దేశంలో అంతకుముందు చిన్న, మధ్యతరహా సంస్థలకు ఉన్న పథకం 130 శాతం అదనపు తగ్గింపు ఇచ్చేది. అప్పటి 19 శాతం రేటుతో గుణిస్తే 24.7 వస్తుంది. 20 అనీ 130 అనీ పక్కపక్కన రాసి ఉన్న రేట్ల వెనక అసలు విలువలు 15, 24.7 మాత్రమే.

దేశాల మధ్య పోల్చడానికి, ప్రధానంగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సంస్థ ఓఈసీడీ వాడే కొలత పేరు బీ-ఇండెక్స్. పరిశోధనపై పెట్టిన ఒక యూనిట్ ఖర్చును రాబట్టుకోవడానికి పన్నుకు ముందు ఎంత ఆదాయం రావాలో అది చెబుతుంది.

```
B = (1 - A) / (1 - t)
```

ఇక్కడ t పన్ను రేటు, A ఆ ఒక యూనిట్ ఖర్చుపై దొరికే తగ్గింపులు, క్రెడిట్లు అన్నింటి పన్ను విలువ. ఏ ప్రత్యేక రాయితీ లేకుండా ఖర్చు మొత్తం అదే ఏడాది తగ్గింపుగా దొరికితే B సరిగ్గా 1 అవుతుంది. మన 150 శాతం ఉదాహరణలో A విలువ 0.375, కాబట్టి B 0.833. అంటే పరిశోధన ధరను ప్రభుత్వం దాదాపు 16.7 శాతం తగ్గించినట్టు. ఈ అంకెను రాసి పెట్టుకోండి, చివరి లెక్కలో అవసరమవుతుంది.

రెండో మెట్టు: లాభం లేని కంపెనీ చేతికి ఏమి వస్తుందో చూడండి

పై లెక్క అంతా కంపెనీ ఈ ఏడాదే పన్ను కడుతుందన్న ఊహ మీద నిలిచి ఉంది. పరిశోధనపై ఎక్కువగా ఆధారపడే కొత్త సంస్థలు ఏళ్ల తరబడి నష్టాల్లోనే ఉంటాయి. వాటికి సూపర్ డిడక్షన్ నష్టాన్ని కాగితం మీద పెంచుతుందే గానీ, లాభాలు వచ్చి ఆ నష్టాన్ని సర్దుకునేదాకా డబ్బు చేతికి రాదు. ఐదేళ్ల తరవాత వచ్చే 12.5 కోట్లను 10 శాతం వడ్డీతో వెనక్కి లెక్కిస్తే నేటి విలువ 7.8 కోట్లకు మించదు. ఈలోగా కంపెనీ మూతపడితే ఏమీ ఉండదు.

పన్ను లేకపోయినా నగదుగా చెల్లించే క్రెడిట్ అయితే పూర్తి విలువ దక్కుతుంది. కొన్ని దేశాలు సూపర్ డిడక్షన్‌కే నగదు మార్గాన్ని జోడించాయి. బ్రిటన్ పాత పథకంలో నష్టాల్లో ఉన్న చిన్న సంస్థ తన 230 శాతం తగ్గింపును వదులుకుని, దానిపై 14.5 శాతం నగదు తీసుకోవచ్చు. ప్రతి 100కు అది 33.35 అవుతుంది. లాభాల్లో ఉన్న సంస్థకు 24.7 దక్కుతుండగా, నష్టాల్లో ఉన్నదానికి అంతకన్నా ఎక్కువ దక్కిందన్నమాట. ఇంత ఉదారమైన నగదు మార్గం అర్హత లేనివారిని కూడా ఆకర్షిస్తుంది. ఆ సంగతి ఐదో మెట్టులో చూద్దాం.

పెద్ద బహుళజాతి సంస్థల విషయంలో దీనికి వ్యతిరేక దిశలో ఒక పరిమితి ఉంది. 75 కోట్ల యూరోల వార్షిక ఆదాయం దాటిన గ్రూపులకు వర్తించే 15 శాతం ప్రపంచ కనీస పన్ను మూల నియమాల ప్రకారం, సూపర్ డిడక్షన్ కంపెనీ కట్టిన పన్నును తగ్గించినట్టుగా లెక్కకు వస్తుంది. అదే నాలుగేళ్లలోపు నగదుగా ఇవ్వదగిన క్రెడిట్‌ను ఆదాయంగా లెక్కిస్తారు. వాస్తవ పన్ను రేటు 15కు దగ్గరగా ఉన్న దేశంలో సూపర్ డిడక్షన్ ఇస్తే, ఒక చేత్తో ఇచ్చినది అదనపు పన్ను రూపంలో మరొక చోట వెనక్కి పోవచ్చు. క్రెడిట్‌కు ఆ దెబ్బ చాలావరకు తప్పుతుంది. ఇటీవల కొన్ని దేశాలు క్రెడిట్ల వైపు మొగ్గడానికి ఇదొక కారణం.

మూడో మెట్టు: చివరి రూపాయి మీద ఎంత ప్రోత్సాహం ఉందో లెక్కించండి

ఈ మెట్టునే చాలామంది దాటవేస్తారు, తప్పులన్నీ ఎక్కువగా ఇక్కడే దొర్లుతాయి. కంపెనీ ఎలాగూ పెట్టబోయే ఖర్చు మీద ఇచ్చే రాయితీ దాని నిర్ణయాన్ని మార్చదు. ఇంకొక ప్రాజెక్టు మొదలుపెట్టాలా వద్దా అని తూచుకునేటప్పుడు ఆ అదనపు ఖర్చు మీద దక్కేదే నిర్ణయాన్ని మారుస్తుంది. మొత్తం ఖర్చు మీద ఇచ్చే రాయితీలో ఈ రెండూ సమానంగా ఉంటాయి. పెరిగిన ఖర్చు మీద మాత్రమే ఇచ్చే రాయితీలో ఇవి విడిపోతాయి.

ఎలాగూ జరిగే పరిశోధనకు డబ్బు పోయడం ఎందుకని, పెరుగుదల మీద మాత్రమే రాయితీ ఇవ్వడం చూడటానికి తెలివైన పనే. అమెరికా 1981లో అదే చేసింది. గత మూడేళ్ల సగటుకు మించిన ఖర్చు మీద 25 శాతం క్రెడిట్ ప్రకటించింది. ఇప్పుడు ఒక కంపెనీ ఈ ఏడాది 100 అదనంగా ఖర్చు పెట్టిందనుకోండి. వెంటనే 25 క్రెడిట్ వస్తుంది. కానీ ఆ 100 వచ్చే మూడేళ్ల సగటును ఏటా 33.3 మేర పెంచుతుంది కాబట్టి, ఆ మూడేళ్లలో ఏటా 8.3 చొప్పున క్రెడిట్ తగ్గుతుంది. మొత్తం కలిపితే పోయేది కూడా 25. ఇచ్చిన క్రెడిట్ మూడేళ్లలో పూర్తిగా తిరిగి పోయింది, మిగిలింది ఆ మధ్యకాలపు వడ్డీ లాభం మాత్రమే. 10 శాతం వడ్డీతో చూస్తే ఆ లాభం 100కు 4.3 దగ్గర తేలుతుంది. 25 శాతం అని ప్రకటించిన ప్రోత్సాహంలో నిర్ణయం తీసుకునే మేనేజరు ముందు నిలిచేది ఆ నాలుగు చిల్లరే.

1989లో ఆ ప్రాతిపదికను మార్చారు. నేడు అక్కడ చాలా కంపెనీలు వాడే సరళ పద్ధతిలో, గత మూడేళ్ల సగటులో సగానికి మించిన ఖర్చు మీద 14 శాతం క్రెడిట్ ఉంటుంది. సగటులో సగమే లెక్కకు వస్తుంది కాబట్టి, అదే వడ్డీతో ప్రతి అదనపు 100 మీద నికరంగా మిగిలేది సుమారు 8.2, ఇతర సర్దుబాట్లు పక్కన పెడితే. మీరు పరిశీలిస్తున్న పథకంలో గత ఖర్చుల ప్రస్తావన ఎక్కడున్నా, ఈ ఏడాది అదనపు 100 వచ్చే ఏళ్ల క్రెడిట్‌ను ఎంత తగ్గిస్తుందో ఒక కాగితం మీద వేసి చూడండి. గరిష్ఠ పరిమితి ఉన్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. పరిమితి దాటిన కంపెనీకి సగటు రాయితీ పెద్దదిగా కనిపించినా, చివరి రూపాయి మీద దాని ప్రోత్సాహం సున్నా.

నాలుగో మెట్టు: రాయితీ లేకపోతే ఏమయ్యేదో కనిపెట్టండి

రాయితీ తెచ్చాక పరిశోధన పెరిగిందని చూపించడం ఏ ప్రభుత్వానికైనా తేలిక. రాయితీ లేకుంటే ఎంత ఉండేదో చూపించడమే కష్టం. రాయితీ వాడుకున్న కంపెనీలను వాడుకోని వాటితో పోల్చడం పనికిరాదు, ఎందుకంటే ఎక్కువ పరిశోధన చేయబోయే కంపెనీయే దరఖాస్తు పెడుతుంది. కంపెనీ కోరికతో సంబంధం లేకుండా కొందరికి మాత్రమే రాయితీ దక్కేలా చేసిన నిబంధన ఏదైనా చట్టంలో ఉందేమో వెతకండి.

బ్రిటన్‌లో 2008లో అలాంటిదే దొరికింది. చిన్న, మధ్యతరహా సంస్థ అన్న నిర్వచనంలో ఆస్తుల పరిమితిని పరిశోధన రాయితీ కోసం 4.3 కోట్ల యూరోల నుంచి 8.6 కోట్ల యూరోలకు పెంచారు. ఆ గీతకు కాస్త కింద ఉన్న కంపెనీకి ఉదారమైన పథకం, కాస్త పైన ఉన్నదానికి తక్కువ పథకం. డెషెజ్‌లెప్రెట్ర్, వాన్ రీనెన్, వారి సహ పరిశోధకులు మార్పుకు ముందటి 2007 నాటి ఆస్తులను బట్టి ఈ రెండు గుంపులనూ పోల్చారు. పాత ఆస్తుల లెక్కను కంపెనీలు వెనక్కి వెళ్లి మార్చుకోలేవన్నదే ఆ ఎంపికలోని కిటుకు. గీతకు కింద ఉన్న సంస్థల్లో పరిశోధన వ్యయం దాదాపు రెట్టింపు అయిందని, పేటెంట్లు సుమారు 60 శాతం పెరిగాయని తేలింది. ఖర్చుతో పాటు పేటెంట్లు కూడా పెరగడం ముఖ్యం. ఖర్చు అంకెను ఖాతా పుస్తకంలో పెంచి చూపవచ్చు, పేటెంట్‌ను అలా పుట్టించడం అంత సులువు కాదు.

ఎప్పుడు కొలుస్తున్నారన్నదీ అంతే ముఖ్యం. బ్లూమ్, గ్రిఫిత్, వాన్ రీనెన్ తొమ్మిది దేశాల మీద చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, పరిశోధన ధర 10 శాతం తగ్గితే తొలి దశలో ఖర్చు ఒక శాతానికి కాస్త పైన మాత్రమే పెరిగింది. దీర్ఘకాలంలో ఆ పెరుగుదల 10 శాతానికి దగ్గరగా చేరింది. శాస్త్రవేత్తలను నియమించి, ప్రయోగశాల కట్టి, ప్రాజెక్టు నడిపించడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి రెండేళ్లకే తీర్పు ఇచ్చే నివేదిక పథకాన్ని తక్కువ చేసి చూపిస్తుంది.

ఐదో మెట్టు: పెరుగుదలలో నిజమెంతో విడదీసి, భాగహారం చేయండి

ఇప్పుడు అన్నింటినీ ఒక లెక్కలో కలుపుదాం. ఇది నేను కల్పించిన దేశం, అంకెలు సులువుగా ఉండేలా తీసుకున్నాను. రాయితీ లేకపోతే కంపెనీలు 1000 కోట్ల పరిశోధన చేసేవి. 25 శాతం పన్ను రేటు మీద 150 శాతం సూపర్ డిడక్షన్ ఇచ్చారు. ధర 16.7 శాతం తగ్గింది, కొన్నేళ్లకు ఖర్చు 1160 కోట్లకు చేరింది. ప్రభుత్వం వదులుకున్న పన్ను 1160లో 12.5 శాతం, అంటే 145 కోట్లు. ఇందులో 125 కోట్లు ఎలాగూ జరిగే 1000 కోట్ల పరిశోధన మీదే పోయాయి. పెరిగిన 160ని 145తో భాగిస్తే 1.10 వస్తుంది. వదులుకున్న ప్రతి రూపాయికి రూపాయి పది పైసల పరిశోధన పెరిగిందని ప్రభుత్వ ప్రకటన చెబుతుంది.

అక్కడితో ఆగకండి. పాత ఖర్చుకు కొత్త పేరు పెట్టడం ఎంత జరిగిందో చూడాలి. చైనాలో ఉన్నత సాంకేతిక సంస్థగా గుర్తింపు పొందితే పన్ను రేటు 25 నుంచి 15 శాతానికి తగ్గుతుంది. 2008 సంస్కరణ తరవాత ఆ గుర్తింపు పొందాలంటే అమ్మకాల్లో పరిశోధన వాటా చిన్న సంస్థలకు 6, మధ్యస్థ సంస్థలకు 4, పెద్దవాటికి 3 శాతం ఉండాలన్న నిబంధన వచ్చింది. కంపెనీలు వెల్లడించిన వాటాలు సరిగ్గా ఆ మూడు అంకెల దగ్గరే గుమిగూడాయి. చెన్, లియు, సువారెజ్ సెరాటో, షూ చేసిన అధ్యయనం ఆ గీతల దగ్గరే పరిపాలనా ఖర్చులు హఠాత్తుగా పడిపోవడాన్ని గమనించి, కొత్తగా చూపిన పరిశోధనలో దాదాపు నాలుగో వంతు పేరు మార్పిడేనని అంచనా వేసింది. మీ దగ్గరున్న గణాంకాల్లోనూ ఇవే ఆనవాళ్లు వెతకండి. అంకెలు గీత దగ్గర గుంపు కట్టాయా, పరిశోధన పెరిగిన ఏడాదే సాధారణ ఖర్చులు తగ్గాయా, శాస్త్రవేత్తల సంఖ్య కదలకుండా ఖర్చు మాత్రమే ఎగబాకిందా అని చూడండి.

మన ఉదాహరణలోనూ నాలుగో వంతు పేరు మార్పిడి అనుకుంటే నిజమైన పెరుగుదల 120 కోట్లు, నిష్పత్తి 0.83. ఆ తరవాత జీతాలు. పరిశోధన ఖర్చులో పెద్ద భాగం శాస్త్రవేత్తల, ఇంజనీర్ల జీతాలే. వారి సంఖ్య ఒక్కసారిగా పెరగదు కాబట్టి, అదనపు డబ్బులో కొంత ఉన్నవారి జీతాలను పెంచడానికే పోతుందని ఆస్టన్ గూల్స్‌బీ 1998లో అమెరికా గణాంకాలతో చూపారు. ఆ భాగం 30 కోట్లు అనుకుంటే మిగిలింది 90 కోట్లు, నిష్పత్తి 0.62.

ఇక అర్హత లేని క్లెయిముల సంగతి. బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ యాదృచ్ఛికంగా ఎంచుకున్న క్లెయిములను తనిఖీ చేసి, 2020-21లో ఈ రాయితీల మొత్తంలో 16.7 శాతం, అంటే సుమారు 113 కోట్ల పౌండ్లు, పొరపాటు లేదా మోసం వల్ల పోయాయని అంచనా వేసింది. తరవాత 2023 ఏప్రిల్‌లో చిన్న సంస్థల రాయితీ రేట్లను తగ్గించారు, అదే ఏడాది ఆగస్టు నుంచి ప్రతి క్లెయిముకూ ప్రాజెక్టుల వివరాలతో అదనపు ఫారం తప్పనిసరి చేశారు. ఇలాంటి క్లెయిములు భాగహారంలో కింది అంకెను పెంచుతాయి, పై అంకెకు ఏమీ చేర్చవు. అనుమానం వచ్చిన క్లెయిములనే తనిఖీ చేసే శాఖ దగ్గర ఈ శాతం ఎప్పటికీ దొరకదు. యాదృచ్ఛిక తనిఖీ ఉందా అని ముందుగా అడగండి.

ఆరో మెట్టు: నిష్పత్తి 1 కంటే తక్కువైతే వెంటనే కొట్టివేయకండి

నివేదికల్లో 1 దాటితే విజయం, దాటకపోతే వైఫల్యం అని రాసే అలవాటు ఉంది. అది సరైన గీటురాయి కాదని నా అభిప్రాయం. వదులుకున్న 145 కోట్లు సమాజం నుంచి మాయమవలేదు, కంపెనీల చేతికి వెళ్లాయి. సమాజానికి నిజంగా అయ్యే ఖర్చు, ఆ 145 కోట్లను వేరే పన్నుల ద్వారా రాబట్టడంలో జరిగే నష్టం, పరిపాలనా వ్యయం. ప్రతి రూపాయికి ఆ నష్టం 20 పైసలనుకుంటే అది 29 కోట్లు. దీనికి ఎదురుగా, అదనంగా జరిగిన 90 కోట్ల పరిశోధన నుంచి ఇతర కంపెనీలకూ వినియోగదారులకూ ప్రవహించే లాభాన్ని పెట్టాలి. ఆ లాభం 90 కోట్లలో సుమారు 32 శాతం దాటితే 0.62 నిష్పత్తితో కూడా పథకం నిలబడుతుంది. దాటకపోతే 1.10 అని ప్రచారం చేసినా నిలబడదు. ఎలాగూ జరిగే పరిశోధన మీద పోయిన 125 కోట్లు ఎవరికి చేరాయన్న న్యాయ ప్రశ్న ఈ లెక్కలో లేదు, దాన్ని విడిగా రాయండి.

చివరిగా, మీరు వాడే అంచనా ఏ కంపెనీల నుంచి వచ్చిందో గమనించండి. బ్రిటన్ అధ్యయనంలో రెట్టింపు అన్న ఫలితం 8.6 కోట్ల యూరోల గీతకు ఇరుపక్కలా ఉన్న మధ్యస్థ సంస్థలది. బ్యాంకు రుణం సులువుగా దొరకని అలాంటి సంస్థలకు రాయితీగా వచ్చే నగదు ప్రాజెక్టును మొదలుపెట్టించగలదు. సొంత నిధులతో పరిశోధన నడిపే బహుళజాతి సంస్థ అలా స్పందిస్తుందనడానికి ఆ ఫలితం ఆధారం కాదు. రాయితీలో సింహభాగం పెద్ద సంస్థలకే వెళ్లే దేశంలో చిన్న సంస్థల స్పందనను మొత్తానికి అంటగడితే భాగహారంలోని పై అంకె అనేక రెట్లు ఉబ్బిపోతుంది. కాబట్టి క్లెయిముల జాబితాను సంస్థ పరిమాణాన్ని బట్టి విడదీసి, ప్రతి భాగానికీ నాలుగో, ఐదో మెట్ల లెక్కను వేరుగా వేయండి. ఆ వివరాలు బయటపెట్టని ప్రభుత్వం ప్రకటించిన ఒకే ఒక సగటు నిష్పత్తిని మీ నివేదికలోకి ఎత్తిరాయకండి.